ఆఫ్రికా నుంచి వచ్చిన మనిషికి జ్వరమా? ప్లేట్‌లెట్లు తర్వాత, ముందు మలేరియా స్లైడు

ప్రశ్న: మా బావ టాంజానియాలో మ్వాంజా దగ్గర బోర్ రిగ్గు మీద 8 నెలలు పనిచేసి 12 రోజుల కింద వచ్చినాడు. 4 రోజులుగా చలిజ్వరం, తలనొప్పి, రెండుసార్లు వాంతులు. చిత్తూరులో సీబీపీ చేస్తే ప్లేట్‌లెట్లు 78 వేలు, వైడాల్ పాజిటివ్, డెంగ్యూ ఎన్‌ఎస్1 నెగెటివ్. టైఫాయిడు డెంగ్యూ రెండూ ఉండొచ్చని ఇంజెక్షన్లు మొదలుపెట్టినారు. ఇంకా ఏం టెస్టులు చేయించాలి, తిరుపతికి తీసుకురావాలా సార్?

జవాబు:

తమ్ముడూ, ముందు ఒక్క పని చెయ్యి, మిగతాది తర్వాత చదువు. ఈ రాత్రికే మీ బావకి మలేరియా స్లైడు, మలేరియా కార్డు టెస్టు రెండూ చేయించు. పొద్దున దాకా ఆగొద్దు. చిత్తూరులో రాత్రిపూట స్లైడు చూసేవాళ్ళు దొరక్కపోతే ఇప్పుడే బండి ఎక్కించి తిరుపతికి తీసుకురా, రుయాలో గానీ స్విమ్స్‌లో గానీ క్యాజువాలిటీకి పోయి నోరు తెరిచి చెప్పాల్సిన మొదటి మాట "ఆఫ్రికా నుంచి వచ్చి 12 రోజులైంది, జ్వరం" అని. "డెంగ్యూ, ప్లేట్‌లెట్లు పడిపోయినాయి" అని మొదలుపెట్టినావంటే అవతల వినే డాక్టరు మనసు కూడా డెంగ్యూ వైపే పోతుంది, వర్షాకాలంలో మా వార్డుకి వచ్చే జ్వరాల్లో డెంగ్యూ అంత ఎక్కువ కాబట్టి.

ఇంత తొందర ఎందుకంటే నువ్వు రాసిన లిస్టులో మలేరియా టెస్టే లేదు. ఆఫ్రికా నుంచి వచ్చిన మనిషి జ్వరంలో ప్రాణం తీసే కారణాల్లో మొదటిది ఫాల్సిపారం మలేరియా, అదీ మంచి మందు ఉండి కూడా మనిషిని పోగొట్టుకునే రకం. మ్వాంజా ఉండేది విక్టోరియా సరస్సు పక్కన, టాంజానియాలో మలేరియా ఎక్కువగా ఉండే వైపు అది. నాలుగో రోజు కూర్చుని కాఫీ తాగుతా ఉన్న మనిషి ఆరో రోజు స్పృహ తప్పడం నేను చూసినాను. చిన్నప్పుడు మలేరియా వచ్చిపోయి ఉన్నా, అక్కడ కూడా ఒకసారి వచ్చి మాత్రలు వేసుకుని ఉన్నా, ఒంటికి అలవాటై ఉంటుందిలే అనుకోకండి, ఎనిమిది నెలలకి అంత రక్షణ రాదు.

ఇంక లెక్క చూద్దాం, ఇలాంటి జ్వరంలో సగం పని క్యాలెండరే చేస్తుంది. వచ్చి 12 రోజులు, జ్వరం 4 రోజులు, అంటే దిగిన తర్వాత ఎనిమిదో రోజు దగ్గర జ్వరం మొదలైంది. ఫాల్సిపారం దోమ కుట్టిన ఏడు రోజులకి ముందు జ్వరం రాదు, చాలామందికి 10 నుంచి 14 రోజుల్లో వస్తుంది, కొందరికి నెల, రెండు మూడు నెలలు కూడా పడుతుంది. కాబట్టి అక్కడ చివరి వారంలో కుట్టిన దోమైనా చాలు, లెక్క సరిగ్గా కుదురుతుంది. డెంగ్యూకి కుట్టిన తర్వాత ఎక్కువలో ఎక్కువ 14 రోజులు, కాబట్టి అక్కడి డెంగ్యూ కూడా కుదురుతుంది, ఇంటికొచ్చినాక ఇక్కడి దోమ కుట్టినా కుదురుతుంది. అదే జ్వరం దిగిన మూడు వారాలకి మొదలై ఉంటే అక్కడి డెంగ్యూని పక్కన పెట్టేయొచ్చు, మలేరియాని మాత్రం పెట్టలేం. అందుకే డాక్టరుకి ఒక చీటీ మీద నాలుగు సంగతులు రాసివ్వు: ఏ ఊర్లో ఉన్నాడు, ఎప్పుడు బయలుదేరినాడు, ఎప్పుడు దిగినాడు, చలి ఏ రోజు మొదలైంది. దారిలో ఇంకో దేశంలో రాత్రి ఆగి ఉంటే అది కూడా.

ప్లేట్‌లెట్ల సంగతి. మన దగ్గర ప్లేట్‌లెట్లు తగ్గినాయంటే డెంగ్యూ అనే మాట జనంలో బాగా పాతుకుపోయింది, కానీ మలేరియాలో కూడా ప్లేట్‌లెట్లు పడిపోతాయి, చాలామందిలో పడతాయి. జ్వరం వచ్చిన ఆఫ్రికా ప్రయాణికుడికి ప్లేట్‌లెట్లు తక్కువ అంటే నాకు మలేరియా అనుమానం ఇంకా పెరుగుతుంది. నీ దగ్గరున్న అదే సీబీపీ కాగితంలో ఇంకో రెండు అంకెలు చూడు. డెంగ్యూలో నీరు రక్తనాళాల్లోంచి బయటికి కారిపోయి రక్తం చిక్కబడుతుంది, అంటే పీసీవీ పెరుగుతుంది. మలేరియాలో పురుగు ఎర్రకణాల్ని పగలగొడుతుంది, కాబట్టి హిమోగ్లోబిన్ తగ్గుతా వస్తుంది, దాంతోపాటు బిలిరుబిన్ పెరిగి కళ్ళు పచ్చబడొచ్చు. ఇవి దారి చూపించే గుర్తులు మాత్రమే, వీటిని చూసి మలేరియా లేదని తేల్చకూడదు. తేల్చేది స్లైడే. ఎన్‌ఎస్1 నెగెటివ్ వచ్చినంత మాత్రాన డెంగ్యూ పూర్తిగా పోయినట్టు కూడా కాదు, ఐదో రోజు దాటినాక ఐజీఎం చూడాలి, కానీ అది రేపటి పని.

స్లైడు గురించి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే "మలేరియా చేసినారు, నెగెటివ్" అన్న ఒక్క మాట మీద మోసపోయేది ఇక్కడే. ఒక గాజు పలక మీద రెండు రకాలుగా రక్తం పూస్తారు. ఒకటి మందంగా, ఒక చుక్క చిన్న గుండ్రంగా, దాంట్లో ఎక్కువ రక్తం ఒకే చోట ఉంటుంది కాబట్టి తక్కువ పురుగులున్నా కనిపిస్తాయి. రెండోది పల్చగా, దాంట్లో అది ఫాల్సిపారమా వైవాక్సా అని తెలుస్తుంది, 100 ఎర్రకణాల్లో ఎన్నింట్లో పురుగు ఉందో లెక్క తెలుస్తుంది. ఈ పర్సెంటేజీ రిపోర్టులో రాయించుకోండి, మామూలుగా పాజిటివ్ అని మాత్రమే రాసి ఇస్తారు, మీరు అడగాలి. 2 శాతం దాటితే నేను ఆ మనిషిని జనరల్ వార్డులో పెట్టి నిద్రపోను. 10 శాతం దాటితే వేరే ఏ లక్షణం లేకపోయినా అది సివియర్ మలేరియా కిందే లెక్క.

చలి వచ్చినప్పుడే రక్తం తీయాలి అని పాతకాలం మాట ఒకటుంది, దాని కోసం కాచుకుని కూర్చోవద్దు, ఎప్పుడైనా తీయొచ్చు. అసలు విషయం ఏంటంటే ఒక్క నెగెటివ్ స్లైడు లెక్క కాదు. ఫాల్సిపారం పురుగు ముదిరిన దశలో సన్న రక్తనాళాల గోడలకి అంటుకుని దాక్కుంటుంది, ఆ గంటలో వేలి రక్తంలో కనిపించకపోవచ్చు, పన్నెండు గంటల తర్వాత చూస్తే గుంపులుగా కనిపిస్తుంది. అందుకని 12 నుంచి 24 గంటల తేడాతో మూడుసార్లు చూసి, మూడూ నెగెటివ్ అయితేనే మలేరియాని పక్కన పెట్టాలి. కార్డు టెస్టు స్లైడు చూసే అనుభవం లేని చోట చాలా పనికొస్తుంది, 20 నిమిషాల్లో తెలుస్తుంది, కానీ అది ఎంత పురుగు ఉందో చెప్పదు, పురుగు మరీ తక్కువున్నా కొన్నిసార్లు మరీ ఎక్కువున్నా నెగెటివ్ చూపించొచ్చు. తూర్పు ఆఫ్రికాలో ఇతియోపియా, ఎరిత్రియా వైపు అయితే చాలా కార్డులు పట్టుకునే ప్రోటీనే లేని ఫాల్సిపారం రకాలు తిరుగుతున్నాయి. ఇంకోటి, మీ బావకి అక్కడ రెండు మూడు వారాల కిందే మలేరియా వచ్చి మాత్రలు వేసుకుని ఉంటే పురుగు చచ్చినా కార్డు వారాల తరబడి పాజిటివ్ చూపిస్తుంది. కాబట్టి కార్డూ స్లైడూ రెండూ కావాలి, ఒకదాని బదులు ఇంకోటి కాదు.

నా దగ్గరికి వచ్చిన ఒకాయన కథ చెప్తాను, నీ ప్రశ్న చదివినప్పుడు ఆయనే గుర్తొచ్చినాడు. పలమనేరు వైపు ఊరు, నలభైకి దగ్గర వయసు, ఆయనదీ రిగ్గు పనే, మొజాంబిక్ నుంచి చెన్నైలో దిగి ఇంటికొచ్చినాడు. పదకొండో రోజు చలితో మొదలైంది. ఊర్లో ఆర్‌ఎంపీ దగ్గర జ్వరం ఇంజెక్షన్ వేయించుకుంటే రెండు గంటలు చెమట పట్టి తగ్గినట్టు అనిపించింది, మళ్ళీ ఎక్కింది. మూడో రోజు ఒక నర్సింగ్ హోంలో వైడాల్ పాజిటివ్ అని సెఫ్ట్రియాక్సోన్ పెట్టినారు, ఐదో రోజు ప్లేట్‌లెట్లు 42 వేలు, డెంగ్యూ అన్నారు, సెలైన్ బాటిళ్ళు మీద బాటిళ్ళు ఎక్కించినారు, ప్లేట్‌లెట్లు ఎక్కించాలి ఏర్పాటు చేసుకోండి అన్నారు. ఎక్కడి నుంచి వచ్చినాడో అక్కడ ఎవరూ అడగలేదు, వీళ్ళూ చెప్పలేదు. ఆరో రోజు సాయంత్రం మా దగ్గరికి తెచ్చినారు. ఆయన భార్య ఒక్క మాట అన్నది, "పొద్దున్నుంచి సంబంధం లేకుండా మాట్లాడతా ఉన్నాడు సార్, మా అబ్బిని కూడా గుర్తుపట్టలేదు" అని. నేను చేసిన మొదటి టెస్టు చక్కెర, వేలి చుక్కతో, 48 ఉంది. వెంటనే గ్లూకోజు ఇచ్చినాం, కొంచెం తేరుకున్నాడు. మలేరియా పురుగు చక్కెర తినేస్తుంది, లివరు కూడా తయారుచేయలేని స్థితికి పోతుంది, కాబట్టి మాట తడబడితే ముందు చక్కెర చూడకుండా మెదడు స్కానుకి పంపకూడదు.

గంటలో స్లైడు వచ్చింది, ఫాల్సిపారం రింగులు, 6 శాతం. కిడ్నీ పని చూపించే క్రియాటినిన్ 2.8, బిలిరుబిన్ 4. ఆర్టిసునేట్ ఇంజెక్షన్ కిలోకి 2.4 మిల్లీగ్రాముల లెక్కన, ఆయన 60 కిలోలు కాబట్టి 144 మిల్లీగ్రాములు, ఒక్కో సీసాలో 60 ఉంటుంది కాబట్టి మూడు సీసాలు కలిపి అందులోంచి ఆ 144 మాత్రమే నరంలోకి ఇచ్చినాం, మళ్ళీ 12 గంటలకి, 24 గంటలకి, ఆ తర్వాత రోజుకొకటి. సెలైన్ తగ్గించేసినాం, ఎందుకంటే పెద్దవాళ్ళ మలేరియాలో నీళ్ళు ఎక్కువ పోస్తే ఊపిరితిత్తుల్లోకి చేరి ఆయాసం వచ్చేస్తుంది, డెంగ్యూ అనుకుని పోసిన బాటిళ్ళతో అప్పటికే ఆయన శ్వాస నిమిషానికి 28 ఉంది. ప్లేట్‌లెట్లు ఒక్క యూనిట్ కూడా ఎక్కించలేదు, రక్తస్రావం లేదు కాబట్టి. మర్నాడు స్లైడు 2 శాతం లోపు, మూడో రోజుకి లేదు, ఐదో రోజుకి ప్లేట్‌లెట్లు వాటంతట అవే లక్షన్నర దాటినాయి. నోటితో మింగే స్థితికి వచ్చినాక మూడు రోజుల ఆర్టెమిథర్ లూమెఫాంట్రిన్ కోర్సు పూర్తిగా ఇచ్చినాం, ఈ భాగం వదిలేస్తే పది పదిహేను రోజులకి మళ్ళీ తిరగబెడుతుంది.

ఇంటికి పంపేటప్పుడు వారం వారం హిమోగ్లోబిన్ చూపించుకోమని చెప్పినాను. పద్నాలుగో రోజు నీరసం, మూత్రం టీ డికాషన్ రంగులో వచ్చింది. పంపినప్పుడు 10.6 ఉన్న హిమోగ్లోబిన్ 7.1 అయింది. మలేరియా తిరగబెట్టలేదు, స్లైడు శుభ్రంగా ఉంది. ఆర్టిసునేట్ ఇంజెక్షన్ తీసుకున్న కొందరిలో ఒకటి నుంచి నాలుగు వారాల మధ్య ఇలా ఎర్రకణాలు పగిలిపోతాయి, ముందు నుంచి కాచుకుని ఉంటే భయపడాల్సిన పని లేదు, ఒక యూనిట్ రక్తంతో కోలుకున్నాడు. మీ బావకి ఇంజెక్షన్ అవసరమైతే ఈ నాలుగు వారాల సంగతి డిశ్చార్జి కాగితంలో లేకపోయినా నువ్వు గుర్తుపెట్టుకో.

సరే, మలేరియా స్లైడు తీసే అదే సూదితో తీయాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. ముఖ్యమైంది బ్లడ్ కల్చర్, రెండు వేర్వేరు చోట్ల నుంచి రెండు సీసాలు, ఒక్కోదాంట్లో 8 నుంచి 10 ఎంఎల్. ఇది యాంటీబయాటిక్ కంటే ముందు తీయాలి. మీవాళ్ళకి ఇంజెక్షన్లు మొదలుపెట్టేసినారు, అయినా తీయించు, దొరికే అవకాశం తగ్గుతుంది గానీ పోదు. టైఫాయిడ్‌ని నిజంగా తేల్చేది ఈ కల్చరే. వైడాల్ మీద నాకు నమ్మకం లేదు, ఇది ఇన్నేళ్ళ అనుభవం మీద చెప్తున్నాను. మన ప్రాంతంలో పెరిగిన వాళ్ళ రక్తంలో పాత టైఫాయిడ్ వల్లో టీకా వల్లో ఆ యాంటీబాడీలు ముందే ఉంటాయి, మలేరియా జ్వరంలో కూడా వైడాల్ పైకి లేస్తుంది. పలమనేరు ఆయనకి జరిగింది అదే, ఆ ఒక్క కాగితం మూడు రోజులు తినేసింది. మిగతావి చక్కెర, క్రియాటినిన్, బిలిరుబిన్ లివరు ఎంజైములు, మూత్రం, ఛాతీ ఎక్స్‌రే. పొట్ట స్కాను తర్వాత చేసుకోవచ్చు, కుడి పక్కటెముకల కింద నొప్పి ఉంటే మాత్రం త్వరగా చేయించండి, లివర్లో చీముగడ్డ అలాగే బయటపడుతుంది.

ఇంకో జ్వరం ఉంది, దీనికి విదేశంతో సంబంధం లేదు, అందుకే విదేశం నుంచి వచ్చిన మనిషిలో మర్చిపోతారు. స్క్రబ్ టైఫస్. మన చిత్తూరు, తిరుపతి పల్లెల్లో వానలు మొదలైనప్పటి నుంచి చలికాలం దాకా బాగా ఉంటుంది. పొదల్లో ఉండే నల్లి లాంటి చిన్న పురుగు కుట్టినాక సుమారు పది రోజులకి జ్వరం వస్తుంది, ఆరు రోజులకే రావచ్చు, మీ బావ దిగిన రోజే చేనుకి పోయి ఉంటే లెక్క కుదిరినట్టే. దీనికి ఖర్చు లేని టెస్టు ఒకటుంది, బట్టలు తీయించి ఒళ్ళంతా వెతకడం. సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పెచ్చు, చుట్టూ ఎర్రగా, నొప్పి ఉండదు కాబట్టి మనిషికే తెలియదు. చంకల్లో, గజ్జల్లో, మోకాళ్ళ వెనక, మొలతాడు కింద చూడండి. మొలతాడు పక్కకి జరిపి చూసినప్పుడు దొరికిన కేసులు నాకు చాలా ఉన్నాయి. దొరికితే డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు, రెండు రోజుల్లో జ్వరం దిగిపోతుంది. టైఫాయిడ్ అని వేసే సెఫ్ట్రియాక్సోన్ దీనిమీద పనిచేయదు, అందుకని మలేరియా నెగెటివ్ వచ్చి, మనిషి నీరసించిపోతా ఉంటే పెచ్చు దొరక్కపోయినా నేను రిపోర్టు కోసం ఆగకుండా డాక్సీ మొదలుపెడతాను.

ఆసుపత్రికి పోయేటప్పుడు ఇంకో ప్రశ్న బావని నువ్వే అడుగు. చివరి 21 రోజుల్లో అక్కడ జ్వరంతో ఉన్నవాళ్ళకి సేవ చేసినాడా, చావుకి పోయి శవాన్ని ముట్టుకున్నాడా, గబ్బిలాలు ఉండే గుహలోకో పాత గనిలోకో దిగినాడా అని. మ్వాంజాకి సరస్సు అవతలి పక్క కగేరా ప్రాంతంలో 2023లో, మళ్ళీ 2025లో మనిషి నుంచి మనిషికి అంటుకునే మార్బర్గ్ వైరస్ జ్వరం వచ్చింది. మీ బావకి అది ఉంటుందని నేను అనుకోవట్లేదు, అవకాశం చాలా చాలా తక్కువ. కానీ వీటిలో ఒక్కదానికి అవును అన్నాడంటే ఆటోలో, వెయిటింగ్ హాల్లో తిప్పకుండా ముందే ఫోన్ చేసి చెప్పి విడి గదిలోకి పోవాలి, రక్తం తీసే నర్సమ్మ కూడా ఒక మనిషే కదా. అప్పుడు కూడా మలేరియా టెస్టు ఆపకూడదు, జాగ్రత్తలతో చెయ్యాలి, అలాంటి వాళ్ళలో కూడా చివరికి తేలేది ఎక్కువసార్లు మలేరియానే. సరస్సులో స్నానం చేసేవాడా అని కూడా అడిగి చీటీలో రాయి, ఈ వారం మలేరియా తేలకపోతే, సీబీపీలో ఇసినోఫిల్స్ పెరిగితే ఆ సరస్సు నీళ్ళలోంచి చర్మం గుండా దూరే పురుగు వల్ల వచ్చే షిస్టోసోమియాసిస్ జ్వరం ఆలోచించాల్సి వస్తుంది.

మన వైపు నుంచి కువైట్, సౌదీ పోయొచ్చే వాళ్ళు చదువుతుంటే వాళ్ళకి వరస కొంచెం మారుతుంది. దిగిన 14 రోజుల్లో జ్వరంతో పాటు దగ్గు ఆయాసం ఉంటే మెర్స్ అనే ఊపిరితిత్తుల వైరస్ జబ్బు గుర్తుంచుకోవాలి, ముఖ్యంగా ఒంటెల దగ్గర పనిచేసినవాళ్ళు, మాస్కు పెట్టుకుని పోయి ముందే చెప్పాలి. ఉమ్రా నుంచి వచ్చినవాళ్ళకి జ్వరంతో మెడ పట్టేసినా, నొక్కినా మాయని ఎర్రమచ్చలు వచ్చినా గంటల్లో యాంటీబయాటిక్ పడాలి.

మళ్ళీ మీ బావ దగ్గరికి. మాట తడబడినా, మగతగా ఉన్నా, ఆయాసం వచ్చినా, కళ్ళు పచ్చబడినా, మూత్రం నల్లగానో బాగా తక్కువగానో వస్తున్నా, నీళ్ళు కూడా నిలవకుండా వాంతులవుతున్నా చిత్తూరులో స్లైడు కోసం కూడా ఆగొద్దు, నేరుగా ఐసీయూ ఉన్న చోటికి రండి. దారిలో జ్వరానికి పారాసిటమాల్ మాత్రమే, డైక్లోఫెనాక్ సూది వేయించొద్దు, ప్లేట్‌లెట్లు తక్కువున్నాయి, కిడ్నీ సంగతి ఇంకా తెలియదు. మెడికల్ షాపులో క్లోరోక్విన్ అడిగి వేసేయకండి, ఆఫ్రికా ఫాల్సిపారం మీద దాన్ని నమ్ముకోలేం. ఫాల్సిపారం అని తేలి మాత్రలు మొదలుపెడితే మూడో రోజు మళ్ళీ స్లైడు తీయమనండి, కగేరా వైపు ఆర్టెమిసినిన్ మందుకి పురుగు నెమ్మదిగా చచ్చే రకాలు కనిపిస్తున్నాయి, తగ్గిందనుకోవడం కాదు, చూసి తెలుసుకోవాలి. స్లైడులో వైవాక్స్ గానీ ఓవేల్ గానీ వస్తే లివర్లో దాక్కున్న పురుగుకి ప్రైమాక్విన్ 14 రోజులు వాడాలి, దానికి ముందు జీ6పీడీ టెస్టు అడగండి, అది లోపం ఉన్నవాళ్ళకి ఆ మాత్ర రక్తం పగలగొడుతుంది.

స్లైడు రిపోర్టు రాగానే రకం, పర్సెంటేజీ, చక్కెర, క్రియాటినిన్ ఈ నాలుగూ ఇక్కడ రాయి, ఎంత రాత్రైనా చూస్తాను.